గాజుకు అంటుకున్న ఫోటో

చౌడమ్మకు పుట్టింటి నుంచి వచ్చినవి రెండే. ఒకటి నాయన మొండితనం, రెండోది ఒక ఫోటో. మొండితనం అరవై నాలుగేళ్లు నిండినా గట్టిగానే ఉంది. పాడైపోతూ వచ్చింది ఫోటోనే.

సాదలికి దగ్గర్లోని వాళ్ల పల్లెకు ఒక ఏడు తేరు పండగకని చింతామణి నుంచి ఫోటో ఆయన వచ్చాడట. చెట్టు నీడలో తెర కట్టి, మూడు కాళ్ల మీద కెమెరా నిలబెట్టి, రండి రండి అని పిలిచాడట. కుర్చీలో నాయన, ఆయన ఒళ్లో పది నెలల చౌడమ్మ, కుర్చీ పక్కన నిలబడి అమ్మ పుట్టమ్మ, ముందు చేతులు కట్టుకుని ఆరేళ్ల అన్న నరసింహయ్య. అరచేతిలో పట్టేంత కాగితం మీద నలుగురూ ఇరుక్కున్నారు. ఆ తర్వాత ఎనిమిది నెలలకు పుట్టమ్మ కాన్పు జ్వరంతో పోయింది. పుట్టిన బిడ్డా దక్కలేదు. పుట్టమ్మకు ఈ లోకంలో ఇంకో ఫోటో లేదు.

నాయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అవ్వే పిల్లలిద్దరినీ సాకింది. ఫోటోకు గాజు వేయించి నడింట్లో తగిలించారు. పైకప్పు కారి, తడి లోపలికి దిగి, ఫోటో కాస్తా గాజుకు అతుక్కుపోయింది. చౌడమ్మకు ఏడేళ్లప్పుడు గోడకు సున్నం కొడుతూ ఎవరో చెయ్యి తగిలిస్తే ఫోటో కింద పడింది. గాజు సరిగ్గా అమ్మ మొగం మీద చిట్లింది. గాజు అడ్డం లేకపోతే అమ్మను తాకవచ్చు కదా అనుకుంది ఆ పిల్ల. చిట్లిన పెంకును గోటితో లేపి లాగింది. పెంకుతో పాటు అమ్మ ఎడమ కన్ను, కనుబొమ, ముక్కు మొదలు అన్నీ ఊడి వచ్చేశాయి. వాటి చోట తెల్లటి కాగితం మిగిలింది. ఆ పెంకును ఎవరికీ తెలియకుండా పాత గిన్నెలో దాచుకుంది గానీ ఆ గిన్నె ఎప్పుడో పాతసామాన్ల వాడికి పోయింది. అవ్వ కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చౌడమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ తర్వాత ఆమె బతుకు ఆ చుట్టుపక్కల అందరి బతుకులాగే సాగింది. ఇరవై నిండకముందే మునికృష్ణప్పతో పెళ్లి, రెండెకరాల మల్బరీ తోట, ఏడాదికి అయిదారు పంటల పట్టుపురుగులు. ఆకు కోయడం, పురుగులకు వేయడం, పెంట ఎత్తడం, గూళ్లు విప్పి శిడ్లఘట్ట మార్కెట్టుకు పంపడం. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు ఆ పురుగులే చేశాయని ఆమె లెక్క. ఇన్ని పనుల మధ్యా, ఎక్కడైనా ఎవరి బిడ్డనైనా చూసి "అచ్చం అమ్మ పోలికే" అని ఎవరైనా అంటే చాలు, చౌడమ్మ మొగం చిన్నబోయేది.

అన్న నరసింహయ్యను అడిగేది. "అమ్మ ఎట్లుండె అన్నా?"

"అమ్మ మాదిరే ఉండె."

"నా మాదిరి ఉండెనా?"

"నీకు యాడొచ్చింది అమ్మ పోలిక? నువ్వు నాయన బిడ్డవి. నాయన ముక్కు, నాయన నోరు, నాయన మొండితనము," అనేవాడు ఆయన, ఏడిపించడానికి. ఏడిపించడానికే అన్నాడో నిజంగానే అన్నాడో తేల్చకుండానే మూడేళ్ల కింద గుండె ఆగి పోయాడు. ఆయనతో పాటు పుట్టమ్మ మొగం కళ్లారా చూసిన ఆఖరి మనిషి కూడా పోయినట్టయింది. అన్న చనిపోయిన పదకొండో నాడు ఏడుస్తూ ఏడుస్తూ చౌడమ్మకు ఆ సంగతి తట్టింది. ఇక అడగడానికి ఎవరూ లేరు. ఉన్నదల్లా గాజుకు అంటుకున్న ఆ కాగితం ఒక్కటే. అదీ ఏటికేడు పసుపెక్కి, చెరిగిపోతోంది.

మనవరాలు నేత్ర కాలేజీకి సెలవులని వచ్చి ఉంటే, ఒకరోజు అవ్వ ఆ ఫోటో ముందు నిలబడి కొంగుతో గాజు తుడవడం చూసింది.

"అవ్వా, ఫోన్‌లో ఒక యాప్ ఉండాది. పాత ఫోటోలు కొత్తగా చేసి ఇస్తాది. చేద్దామా?"

చేసింది. కాఫీ పొంగేలోగా అయిపోయింది. ఒక్క గీత లేదు, మచ్చ లేదు. తెరంతా రంగులే రంగులు. పుట్టమ్మ పాల మీగడలా తెల్లగా, పెదాలు ఎర్రగా, రెండు కళ్లూ పెద్దవి చేసుకుని సూటిగా చూస్తోంది. చౌడమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదెవురే?"

"మీ అమ్మే కదవ్వా!"

"మా అమ్మకి లిప్‌స్టిక్ ఎవురు పూసిరి? సరే, అది పోనీ. ఈ కుర్చీలో కూర్చున్న ఆయన ఎవురు?"

"మీ నాయన."

"కాదు." చౌడమ్మ ఫోన్ వెనక్కిచ్చేసింది. "నాయనకి మొగం నిండా అమ్మవారు పోసిన మచ్చల గుంటలుండె. నా చేత్తో తడిమినా నేను. ఈయనకి చెంపలు నున్నగా ఉండాయి. నేనెరిగిన నాయన్నే ఇట్ల మార్చినాదంటే, నేనెరగని అమ్మని ఏం చేసిందో ఎవురికి తెలుసు?"

నేత్ర ఫోన్ పక్కన పెట్టేసింది. చదువుకున్న పిల్లే గానీ ఆ మాటకు ఏ కాలేజీలోనూ జవాబు చెప్పరు. వెతికి వెతికి చింతామణి బస్టాండు వెనక ధనుంజయ స్టూడియో సంగతి కనుక్కుంది. పాత ఫోటోలు చేత్తో బాగుచేసే మనిషి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే మిగిలాడని ఎవరో చెప్పారు.

ధనుంజయకు యాభై ఏడేళ్లు. పదహారో ఏట నుంచి ఫోటోల పనే. ఒకప్పుడు నెగటివు మీద సన్నటి పెన్సిలుతో చుక్క చుక్క పెట్టి మచ్చలు మాపినవాడు, ఇప్పుడు కంప్యూటర్లో అదే పని చేస్తున్నాడు. ఆయనకో పట్టింపు ఉంది. ఫోటో మీద పడిన గీత వేరు, మనిషి మీద పడిన గీత వేరు. మొదటిది తుడవాలి, రెండోది తుడిచే హక్కు మనకు లేదు. పెళ్లికూతుళ్లు మొటిమలు తీసేయమని గొడవపడితే తీస్తాడు, కాదనడు. పోయినవాళ్ల ఫోటోలో మాత్రం పుట్టుమచ్చ కూడా ముట్టడు.

చౌడమ్మ సంచిలో నుంచి చీర ముక్కలో చుట్టిన ఫోటో తీసి ఇచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాజు తీసే పని పెట్టుకోవద్దమ్మా. తీస్తే మిగిలిందీ ఊడొస్తాది. గాజుతోనే స్కాన్ చేస్తా. ఈ కొత్త పల్చటి స్కానర్లకైతే మధ్యలో గాజుంటే మసకొస్తాది. నాది పాత దున్నపోతు, అది చూస్తాది లే."

దున్నపోతంత స్కానర్ మీద ఫోటో బోర్లించి, నలుపు తెలుపు ఫోటోయే కదా అని నలుపు తెలుపులోనే స్కాన్ పెట్టాడు. అరగంటలో కరెంటు పోతుందని ఆయన తొందర. ఆ తొందర ఎంత పని చేసిందో అప్పుడు ఆయనకూ తెలియదు.

పది రోజుల తర్వాత రమ్మంటే చౌడమ్మ వెళ్లింది. ధనుంజయ కంప్యూటర్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి బొమ్మ తెరిచాడు. గాజు పగుళ్లు లేవు. నీళ్ల మరకలు లేవు. నాయన చెంపల మీద గుంటలు ఒక్కొక్కటీ ఉన్నాయి. "ఇది నాయన," అంది చౌడమ్మ. తర్వాత చూపు అమ్మ మీదికి తిప్పింది. ఎడమ పక్క ఊడిపోయినచోట బూడిదరంగు పూత ఉంది. కుడి కన్ను ఉండవలసిన చోట మసక తప్ప ఏమీ లేదు. గడ్డం ఉంది, పెదాలు ఉన్నాయి, చెవి కమ్మ కూడా ఉంది. మనిషి మాత్రం లేదు.

"ఇంతేనా అప్పా?"

"ఉన్నంత చేసినానమ్మా. లేనిది యాడ నుంచి తెద్దును?"

"ఊడగొట్టింది నేనేలే," అంది చౌడమ్మ. సంచి సర్దుకుని మెట్లు దిగింది. ధనుంజయ కిటికీలో నుంచి చూస్తూ ఉండిపోయాడు. నడిమెట్టు దగ్గర ఆమె గోడ పట్టుకుని ఆగింది. ఎండలో అలాగే కాసేపు నిలబడి, కళ్లు ఒత్తుకుని, మళ్లీ దిగింది. తన పనిలో ఎందరి ఏడుపో చూసిన మనిషి. ఆయనకు ఎందుకో ఆ రోజు భోజనం సహించలేదు.

రెండు రోజులకు నేత్రకు ఫోన్ చేశాడు. అవ్వ పెళ్లినాటి ఫోటో ఏదైనా ఉంటే పంపమన్నాడు. ఎందుకని ఆ పిల్ల అడిగింది. "కొంచెం ఆధారముంటాది," అన్నాడు. పంపింది.

ఈసారి చౌడమ్మ నేత్రతో కలిసి వెళ్లేసరికి ఫోటో ఫ్రేము కట్టి సిద్ధంగా ఉంది. ఆమె చూసిన మొదటి క్షణం గురించి నేత్ర ఇప్పటికీ చెప్పలేదు, చెప్పబోతే ఆ పిల్లకే కళ్లు నిండుతాయి. అమ్మ ఉంది. రెండు కళ్లూ తెరిచి సూటిగా చౌడమ్మనే చూస్తోంది. నలుపు తెలుపులోనూ చామన ఛాయ తెలుస్తోంది, ఎండలో తిరిగిన మనిషి రంగు. చీర మడతలో నీడ, చెంప మీద వెలుగు, ఎక్కడా అతికించినట్టు లేదు. నాయన నాయనలాగే ఉన్నాడు, కాబట్టి అమ్మ అమ్మే.

"నేనే కదే ఇది! నేనే కదే!" అంది చౌడమ్మ, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని. "చూడు కండ్లు. చూడు ముక్కు. మా అన్న నన్ను ఎన్నేండ్లు ఏమార్చినాడే!"

ధనుంజయ అటు తిరిగి ఏవో కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకోబోతే వద్దమ్మా వద్దమ్మా అని వెనక్కి లాక్కున్నాడు. సిగ్గుపడ్డాడనుకుంది.

ఆ తర్వాత పది రోజులు చౌడమ్మ నేల మీద నడవలేదు. నడింట్లో ఫోటో తగిలించి, కుంకుమ పెట్టి, పూలు వేసింది. పాత గాజు ఫోటోను చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. ఆకు కోసి వస్తూ ఒకసారి, పురుగులకు వేసి వస్తూ ఒకసారి ఎదురుగా నిలబడేది. ఎక్కడ నిలబడ్డా అమ్మ ఆమెనే చూసేది. వీధిలో పోయేవాళ్లను పిలిచి చూపించేది. "నా పోలికే కదా?" అని తానే అడిగి, "అవును" అనిపించుకునేదాకా వదిలేది కాదు. పోయిన అన్నతో కూడా పోట్లాడింది. "చూస్తివా? ఎవురు నాయన బిడ్డ?" అని.

మునికృష్ణప్ప తక్కువ మాటల మనిషి. ఒక పొద్దున ఆకు మోపు దించి, కాఫీ గ్లాసు పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నవ్వాడు.

"ఏం నవ్వు?" అంది చౌడమ్మ.

"ఏం లేదు. పెండ్లినాడు నువ్వు ఇట్లనే చూస్తివి. పీటల మీద కూర్చోనుండి, తల ఎత్తి, ఇట్లనే. భయము, కోపము రెండూ. నేను మరిచిపోలేదు. ఆ కండ్లే. ఆ బొమ మీద గాటు కూడా."

"గాటా?"

"అదే, నీ ఎడమ బొమ మధ్యలో వెంట్రుకలు ఉండవు కదా. మీ అమ్మకీ అట్లనే ఉండాది చూడు."

చౌడమ్మ మురిసిపోయింది. లేచి వెళ్లి చూసింది. నిజమే, కనుబొమ మధ్యలో చిన్న ఖాళీ. గాటు కూడా అమ్మదే వచ్చింది నాకు, అనుకుంది. అలా అనుకుంటూనే పురుగుల ఇంట్లోకి పోయి ఆకు వేయడం మొదలుపెట్టింది. మూడో తట్ట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ గాటు పుట్టుకతో వచ్చింది కాదు. చౌడమ్మకు తొమ్మిదేళ్లప్పుడు, పురుగులు గూళ్లు కట్టే పెద్ద వెదురు చంద్రిక అటక మీద నుంచి జారి మొగం మీద పడింది. బొమ చీలింది. అవ్వ పసుపు అద్ది గుడ్డ కట్టింది. ఆ దెబ్బ తగిలేనాటికి అమ్మ పోయి ఏడేళ్లకు పైనే అయింది. దెబ్బ తల్లి నుంచి బిడ్డకు రాదు. బిడ్డ నుంచి తల్లికి అసలే పోదు.

చేతిలోని ఆకు అలాగే పట్టుకుని తట్టల మధ్య చాలాసేపు నిలబడింది. బయటకు వచ్చి ఫోటో చూసింది. తన కళ్లే. తన పెళ్లినాటి కళ్లు. ఇన్నాళ్లూ కుంకుమ పెట్టింది తనకే, పూలు వేసింది తనకే. బతికుండగానే తన ఫోటోకు తానే దండ వేసుకుంది. ఆమెకు కోపం రాలేదు మొదట, సిగ్గేసింది. అరవై నాలుగేళ్ల ముసలిది చంటిబిడ్డలా ఎలా మోసపోయిందో తలుచుకుని సిగ్గేసింది. ఆ తర్వాత వచ్చింది కోపం. మునికృష్ణప్ప అడిగినా చెప్పకుండా పూలు తీసేసి, ఆ ఫోటో సంచిలో వేసుకుంది. ఎందుకో ట్రంకు తెరిచి పాత గాజు ఫోటో కూడా తీసుకుంది. నేత్రను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ధనుంజయ తలెత్తి చూడగానే తెలిసిపోయింది ఆయనకు. కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఈ కండ్లు ఎవురివప్పా?"

ఆయన వెంటనే అబద్ధం ఆడి ఉంటే ఆమె ఏం చేసేదో తెలియదు. ఆడలేదు.

"మీవేనమ్మా."

"నాయన గుంటలు సరిగ్గా ఉండాయని అమ్మని నమ్మితిని నేను. యాప్ చేసింది తెలిసిపోయె, అది మిషను. నువ్వు మనిషివి కదప్పా, నువ్వు చేస్తే ఎట్ల తెలుస్తాది నాకు?"

"ఆ పొద్దు మీరు మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడింది చూస్తిని. మనసు ఒప్పలేదు. బిడ్డకి తల్లి పోలిక ఎంతోకొంత ఉంటాది కదా అని మీ పెండ్లి ఫోటోలో నుంచి కండ్లు, ముక్కు తీసి పెడితిని. మా పనిలో ఇది లేనిదేం కాదు. అయితే చెప్పి చేయల్ల. చెప్పకపోవడము తప్పే." ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "గాటు తుడిచేసి ఉంటే మీకు తెలిసేది కాదు. మనిషి మీద గాటు తుడవకూడదని చెయ్యి రాలేదమ్మా."

"తుడవకపోయింది మంచిదాయె," అంది చౌడమ్మ. అప్పుడు కూర్చుంది. కూర్చుని మామూలుగానే అడిగింది. "అమ్మ నా మాదిరి ఉండకపోయినా ఫరవాలేదప్పా. నాకు అమ్మ కావల్ల. ఎంతుంటే అంతే. ఇంక కొంచెమన్నా దొరకదా?"

ధనుంజయ పాత ఫోటో తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాడు. చూస్తూ చూస్తూ నుదురు కొట్టుకున్నాడు.

"నాకు బుద్ధుండాదా! ఇంత పసుపెక్కిన ఫోటోని నలుపు తెలుపులో స్కాన్ చేసి పెట్టుకున్నా. రంగుల్లో చేసుండల్ల!"

"నలుపు తెలుపు ఫోటోకి రంగులెందుకు సార్?" అంది నేత్ర.

"రంగుల స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అని మూడు పొరలుంటాయమ్మా. చెరిగిపోయిన బొమ్మ లేత పసుపుగా మిగులుతాది. పసుపు గీత ఎరుపు పొరలో కనపడదు. నీలము పొరలో నల్లగా తేలుతాది. నలుపు తెలుపులో చేస్తే మూడూ కలిసిపోయి, ఉన్నది కూడా లేనట్లయిపోతాది."

మళ్లీ స్కానర్ మీద బోర్లించాడు. ఈసారి లేత ఛాయలు కూడా పోకుండా పదహారు బిట్ల రంగుల్లో, ఎంత నెమ్మదిగా చేయగలదో అంత నెమ్మదిగా. ఆ దున్నపోతు మూలుగుతూ పోయి వచ్చేదాకా ముగ్గురి చూపూ దాని మీదే. బొమ్మ తెర మీదకు వచ్చాక ఆయన ఎరుపు పొర తెరిచాడు. పుట్టమ్మ మొగం చోట సున్నం కొట్టిన గోడ తప్ప ఏమీ లేదు. ఆకుపచ్చ పొరలో మసకగా ఏదో. నీలం పొర తెరిచాడు. మరకలన్నీ కూడా నల్లగా లేచి వచ్చాయి, నాయన చొక్కా నిండా మచ్చలే. ఆ మచ్చల మధ్య, ఎండిపోయిన చెరువులో అడుగు కనపడ్డట్టు, కుడి పక్క ఒక కనుబొమ వంపు కనిపించింది. దాని కింద కంటిరెప్ప గీత.

"ఉండాది," అన్నాడు ధనుంజయ మెల్లగా.

మొగం వరకు మాత్రం నీలం పొర వాడి, మిగతాదానికి ఎరుపు పొర పెట్టుకున్నాడు, పసుపు మరకలు అందులో కనపడవు కాబట్టి. నలుపు తెలుపుల తేడా కొంచెం కొంచెంగా పెంచాడు. ఒకసారి ఎక్కువై పుట్టమ్మ మొగం మసి పూసినట్టయింది, వెనక్కి తగ్గించాడు. చీర ఎంత నలుపుంది, నాయన చేతి రంగు ఎంతుంది, వాటి పక్కన ఈ మొగం ఎంతుండాలి అని మూడూ సరిచూసుకుంటూ చేశాడు. గాజు పగుళ్ల గీతలు ఒక్కొక్కటీ, దగ్గరకు పోయి, పక్కనున్న సన్నటి చుక్కల గింజతోనే పూడ్చాడు. మొగం మీద ఒక సన్నగీత దగ్గర ఆగాడు. అది ఫోటో గీతా, మనిషి గీతా? నెగటివులు చూసి అరిగిన కళ్లు చిట్లించి చూశాడు. పగులు బయట చీర మీదకు కూడా సాగుతోంది. ఫోటోదే. తుడిచాడు. ముక్కు పక్కనున్న చుక్క దేనికీ ఆనుకుని లేదు, దాన్ని ముట్టలేదు.

మధ్యాహ్నం దాటిపోయింది. నేత్ర పోయి ఇడ్లీలు తెచ్చింది, ఎవరూ తినలేదు. చివరికి ఆయన తెరను మూడు భాగాలు చేసి మూడు మొగాలూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఫోన్‌లో చేసింది. రెండోది చౌడమ్మ కళ్లు పెట్టింది. మూడోది ఇప్పుడు చేసింది.

మొదటి దానికేసి చౌడమ్మ చూడను కూడా లేదు. రెండోదాన్ని చూసింది. పది రోజులు ప్రాణంగా చూసుకున్న మొగం, అంత తేలిగ్గా చూపు తిప్పుకోలేకపోయింది. మూడోది చూసింది. ఎడమ పక్క ఖాళీయే. కుడి పక్క ఉన్న కన్ను చిన్నది. రెప్ప బరువుగా వాలి ఉంది. ముక్కు పక్కన పుట్టుమచ్చ. పెదాలు బిగించి, ఏదో అనబోయి ఆపుకున్నట్టుంది. ఎవరో ఒక పల్లెటూరి చిన్నది, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, నేత్ర కన్నా ఒకటి రెండేళ్లు పెద్ద. చౌడమ్మతో ఎక్కడా పోలిక లేదు.

"మా అన్న నిజమే చెప్పినాడు," అంది చౌడమ్మ. "నా మాదిరి లేదు."

గొంతు తగ్గించి మళ్లీ అంది. "నా పక్క చూడటమూ లేదు. ఆ రెండు ఫోటోల్లో నన్నే చూస్తాండె. నిజమైన అమ్మ చూడటము లేదు. ఎటో చూస్తాండాది."

నేత్ర అవ్వ భుజం మీద చెయ్యి వేసింది.

ధనుంజయ మాత్రం తెర మీదకు వంగాడు. కంటిని పెద్దది చేశాడు. నల్లగుడ్డు నడిమధ్యలో లేదు. కింది రెప్పకు ఆనుకుని, కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. "నేనూ ఇప్పుడే చూస్తాండా," అన్నాడు. "ఆ రెండింట్లో కండ్లు సూటిగా పెట్టినాము కదా, యాప్‌దైనా నాదైనా. పెండ్లి ఫోటోలో మీరు కెమెరాని చూస్తిరి, ఆ కండ్లు తెచ్చి పెడితే మీ అమ్మ కూడా కెమెరాని చూసె. నిజానికి ఆమె కెమెరాని చూడలేదమ్మా. కిందికి చూస్తాండాది."

"కింద ఏముండాది?"

ఆయన మౌసు పట్టుకుని బొమ్మను మెల్లగా పైకి జరిపాడు. పుట్టమ్మ కన్ను ఎటు వాలిందో ఆ దారినే. చీర కుచ్చెళ్లు వచ్చాయి. కుర్చీ చేతి కొయ్య వచ్చింది. నాయన మోచెయ్యి వచ్చింది. తర్వాత ఆయన ఒడి, అందులో పది నెలల పాప. పాప మొగం, చేతులు అన్నీ చెరిగినట్టు ముద్దగా ఉన్నాయి.

"ఇది స్కాన్ తప్పు కాదు," అన్నాడు ధనుంజయ. "నీడలో తీసిన ఫోటో. ఆ కాలము కెమెరా కన్ను కాసేపు తెరుచుకోనుండల్ల. అందరూ బిగబట్టుకోని ఉండారు. పాప ఒకటే కదిలింది. ఏడుస్తాండాదేమో, నాయన ఒళ్లో నుంచి దిగుతానని. ఫోటో ఆయన ఇటు చూడమ్మా ఇటు చూడమ్మా అని ఎన్ని తడవలు పిలిచినాడో. ఆమె చూడలేదు."

చౌడమ్మ వేలు తెర మీద పెట్టింది. పాప మీద పెట్టి, అక్కడి నుంచి పైకి, అమ్మ కంటిదాకా గీసుకుంటూ పోయింది. మళ్లీ కిందికి వచ్చింది.

"ఈ ఖాళీ నింపమంటే నింపుతానమ్మా, ఈసారి చెప్పే చేస్తా," అన్నాడు ఆయన. "ఈ కన్నునే అద్దములో మాదిరి తిప్పి ఆ పక్క పెట్టొచ్చు. ఇది మీ అమ్మ కన్నే కాబట్టి మోసము లేదు. అయితే తిప్పితే ఆ కన్ను అవతల పక్కకి చూస్తాది. పాప పక్క చూడదు."

"వద్దు, వద్దు," అంది చౌడమ్మ గాభరాగా, ఆయన చెయ్యి పట్టుకుని ఆపుతూ. "ఒక్క కన్ను చాలప్పా. ఆ పక్క ఏం గీయొద్దు."

అప్పుడు ఏడ్చింది. ఏడేళ్ల పిల్లగా గాజు పెంకు లాగినప్పుడు భయంతో ఆపుకున్న ఏడుపు, అన్న పోయిన పదకొండో నాడు సగంలో ఆగిన ఏడుపు అంతా కలిపి, ఆ చిన్న గదిలో, పరాయి మనిషి ముందు సిగ్గు లేకుండా ఏడ్చింది. అమ్మ తనను ఒక్కసారైనా చూస్తే చాలని గాజు మొదలుకుని యాప్ దాకా ఎన్ని దారులు తొక్కిందో. ఊరంతా ముస్తాబై కెమెరాను చూస్తూ నిలబడిన ఆ పండగనాడు, మా అమ్మ మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయిందని ఆమె నేత్రతో ఒకటికి పదిసార్లు చెప్పింది.